ఈఈజీ రిపోర్టులో ‘షార్ప్ వేవ్’ అని ఉంటే ఏం చూడాలె?

(హన్మకొండలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లు, ఈఈజీ టెక్నీషియన్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇయ్యాల రెండు రిపోర్టులు చదువుదం. రెండూ పాఠం కోసం రాసుకున్నవే, ఏ ఒక్క పేషెంటువీ కావు. కానీ రెండింటి చివర ఒకటే వాక్యం ఉంది: “ఎడమ టెంపోరల్ భాగంలో షార్ప్ వేవ్స్ కనిపించాయి. రోగ లక్షణాలతో పోల్చి చూడవలెను.” ఈ ఒక్క వాక్యం చూసి ఇద్దరికీ ఒకటే గోలీ రాస్తే ఒకరికి మేలు జరుగుతది, ఇంకొకరికి ఏండ్ల తరబడి అక్కరలేని మందు అంటగట్టినట్టయితది. అందుకని చివరి వాక్యం కాడికి ఆఖరుకు వద్దం. ముందు పై నుంచి చదువుదం.

మొదటి రిపోర్టు నర్సంపేట దిక్కు నుంచి వచ్చిన 44 ఏండ్ల ఆమెది. ఎండాకాలం మధ్యాహ్నం లైన్లో చాలాసేపు నిలబడ్డది. కండ్లు బైర్లు కమ్మినయి, చెవుల్లో హోరుమన్నది, చెమటలు పట్టినయి, పడిపోయింది. చేతులు రెండు మూడుసార్లు కొట్టుకున్నయి అని పక్కన ఉన్నోళ్లు చెప్పిన్రు. అర నిమిషం లోపలనే తేరుకొని, మంచినీళ్లు అడిగి తాగింది. చేతులు కొట్టుకున్నయి అన్న ఒక్క మాట మీద ఈఈజీకి పంపిన్రు.

రిపోర్టు పై భాగంలో నాలుగైదు సంగతులు ఉండాలె: వయసు, రికార్డింగు ఎంతసేపు చేసిన్రు, ఆ టైములో మనిషి మెలకువగా ఉన్నడా, మగతలో ఉన్నడా, నిద్రపోయిండా, ఏ మందులు వాడుతున్నడు, ఆఖరుసారి ఫిట్స్ ఎప్పుడు వచ్చినయి. ఇవి లేని రిపోర్టు మీద నమ్మకం సగం తగ్గించుకోండి. ఎందుకంటే ఒకటే అల మూడేండ్ల పిల్లగానిలో నార్మల్, అరవై ఏండ్ల మనిషిలో జబ్బు. మగతలో నార్మల్ అయింది, నిండు మెలకువలో కాకపోవచ్చు. ఈమె రిపోర్టులో “మెలకువ, మగత, 24 నిమిషాలు, మందులు లేవు” అని ఉంది. నిద్ర రికార్డు కాలేదు. ఇది గుర్తు పెట్టుకోండి, పనికొస్తది.

దాని కింద టెక్నికల్ లైను. 10–20 పద్ధతిలో 21 ఎలక్ట్రోడ్లు. ఎడమ దిక్కువి బేసి నంబర్లు, కుడి దిక్కువి సరి నంబర్లు, నడిమధ్యవి z. సెన్సిటివిటీ మిల్లీమీటరుకు 7 మైక్రోవోల్టులు, స్పీడు సెకనుకు 30 మిల్లీమీటర్లు, ఫిల్టర్లు 1 నుంచి 70 హెర్ట్జ్, కరెంటు లైను కోసం 50 హెర్ట్జ్ నాచ్. డాక్టర్లు చాలామంది ఈ లైను దాటేసి పోతరు. దాటొద్దు. పై ఫిల్టరును 70 కాడ కాకుండా 15 కాడ పెట్టిన్రనుకోండి. కణత మీది కండరం బిగిసినప్పుడు వచ్చే చిక్కటి గీతల గరుకుదనం పోయి, అవి మెదడు నుంచి వచ్చిన బీటా అలల లెక్క, ఒక్కోసారి స్పైకుల లెక్క కనబడతయి. పేషెంటు పండ్లు గట్టిగ కరిచి పట్టుకుంటే చాలు, టెంపోరల్ భాగమంతా స్పైకులే అనిపిస్తది. “పై ఫిల్టరు 15” అని చూస్తే టెంపోరల్ స్పైకుల గురించి రాసిన ప్రతి మాటనూ అనుమానించాలె. ఈమె రిపోర్టులో 70 ఉంది. బాగుంది.

ఇప్పుడు బ్యాక్‌గ్రౌండు. రిపోర్టులో మొదటి పేరా దీని గురించే ఉంటది. సెకనుకు ఎన్ని అలలు అన్నదాన్ని బట్టి పేర్లు: 4 కంటే తక్కువ డెల్టా, 4 నుంచి 8 లోపల థీటా, 8 నుంచి 13 ఆల్ఫా, 13 దాటితే బీటా. పేర్ల కంటే ఆ అల ఎక్కడ, ఏ స్థితిలో, దేనికి స్పందించి వస్తున్నదన్నది ముఖ్యం. కండ్లు మూసుకొని నిమ్మళంగా ఉన్న పెద్దమనిషికి తల వెనుక భాగంలో, O1, O2 దగ్గర ఆల్ఫా లయ వస్తది. హాన్స్ బెర్గర్ 1929లో మనిషి ఈఈజీ మీద అచ్చేసిన మొదటి వ్యాసంలో ఈ లయ గురించే రాసిండు. కండ్లు తెరిస్తే అణిగిపోతది, మూస్తే మళ్లీ లేస్తది. పెద్దల్లో 8 కంటే తక్కువ ఉంటే మందగించినట్టు లెక్క. అయితే అప్పుడు మనిషి నిజంగా మెలకువగా ఉన్నడా అని ముందు చూడాలె, మగతలో ఎవరికైనా తగ్గుతది. పిల్లల్లో లెక్క వేరు: ఏడాది పిల్లకు 5, 6 ఉంటది, మూడేండ్లకు 8 దగ్గరికి వస్తది. కుడి దిక్కు అలలు ఎడమ కంటే కొంచెం ఎత్తుగా ఉండటం మామూలే. ఎత్తులో సగానికి మించిన తేడా ఉంటేనే ఆలోచించాలె.

బీటా ఎక్కువ ఉందంటే ముందుగా గోలీల డబ్బా అడగండి. క్లోబజామ్, క్లోనజెపామ్, ఫినోబార్బిటోన్ వాడేటోళ్లకు బీటా పెరుగుతది. అది మందు జాడ, జబ్బు కాదు. ఇగ మెలకువలో ఒక పక్కనే, ఒకే చోట డెల్టా అదేపనిగా వస్తుంటే దాని కింద మెదడులో ఏదో ఉందేమో అని స్కానింగు వైపు చూడాలె. రెండు పక్కలా అంతటా మందగిస్తే సోడియం, లివరు, కిడ్నీ, మత్తు మందులు చూడాలె. మందగింపు ఒక్కటే మూర్ఛ వ్యాధికి రుజువు కాదు.

మన 44 ఏండ్ల ఆమెకు వెనుక లయ సెకనుకు 10, ఎత్తు 40 మైక్రోవోల్టులు, రెండు పక్కలా సమానం, కండ్లు తెరిస్తే అణుగుతున్నది. మూడు నిమిషాలు గట్టిగ ఊపిరి తీయించిన్రు, లైటు మెరిపించిన్రు, రెండింట్లో ఏమీ రాలేదు. ఆ తర్వాత వాక్యం ఇది: “మగతలో ఎడమ టెంపోరల్ భాగంలో సెకనుకు 7–8 చొప్పున మొన తేలిన అలల వరుసలు, అప్పుడప్పుడు విడిగా షార్ప్ వేవ్స్, కుడి వైపు కూడా కొద్దిగా.” రిపోర్టు మొత్తంలో కీలకం ఈ వాక్యమే.

మొన ఉన్న ప్రతి గీతా మూర్ఛ స్పైకు కాదు. 20 నుంచి 70 మిల్లీసెకన్ల లోపల ముగిస్తే స్పైకు, 70 నుంచి 200 దాకా అయితే షార్ప్ వేవ్. కాగితం మీద సుమారు 2 మిల్లీమీటర్ల వెడల్పు లోపల ఉంటే స్పైకు అనుకోండి. రెండింటికీ అర్థంలో పెద్ద తేడా లేదు. తేడా అంతా అది మూర్ఛ తరహాదా, కాదా అన్నదాంట్లో ఉంది. దానికి ఆరు గుర్తులు చూస్తం, కనీసం నాలుగు ఉంటేనే ఆ పేరు పెడతం. ఒకటి, రెండు మూడు దశలుగా పైకీ కిందికీ కొట్టి మొన సూదిగా ఉండాలె. రెండు, చుట్టూ నడుస్తున్న అలల కంటే దాని నిడివి వేరుగా ఉండాలె. మూడు, సర్రున లేచి మెల్లగా దిగాలె, అంటే రెండు దిక్కులూ ఒక్క తీరుగా ఉండొద్దు. నాలుగు, దాని వెనుకనే ఒక నిదానమైన అల రావాలె. ఐదు, అది వచ్చిన కాడ బ్యాక్‌గ్రౌండు లయ తెగిపోవాలె. ఆరు, పక్కపక్క ఎలక్ట్రోడ్లలో క్రమంగా తగ్గుకుంట పోయే వ్యాప్తి ఉండాలె, అంటే మెదడులోనుంచి వచ్చినట్టు ఉండాలె.

ఈమె అలలకు ఈ ఆరూ పెట్టి చూద్దం. మొన ఉంది. వ్యాప్తి కూడా ఉంది. కానీ వెనుక నిదానమైన అల లేదు. లయ తెగలేదు, అది వచ్చినా వెనుక గీతలు అట్లనే నడుస్తున్నయి. లేవటం, దిగటం రెండు దిక్కులా ఒక్క తీరుగా, కమాను లెక్క ఉంది. ఇప్పుడు అన్నింటికంటే పనికొచ్చే పరీక్ష: విడిగా వచ్చిన ఒక్క షార్ప్ వేవ్‌ను తీసుకొని, వరుసగా వచ్చిన వాటి పక్కన పెట్టి చూడండి. ఆకారం, వెడల్పు అచ్చం అవే. అంటే వరుసలోనుంచి ఒకటి విడిగా పడ్డదన్నట్టు. వీటిని వికెట్ స్పైకులు అంటరు. 30 దాటిన పెద్దల్లో, మగతలో, టెంపోరల్ భాగంలో, సెకనుకు 6 నుంచి 11 చొప్పున వస్తయి. ఒకసారి ఎడమ, ఒకసారి కుడి, తరచుగా ఎడమనే ఎక్కువ. వీటికీ మూర్ఛకూ సంబంధం లేదు. ఈఈజీని ఎక్కువ చదివి మూర్ఛ అంటగట్టిన కేసుల్లో ఇవి పేరుమోసినయి. విడిగా ఒక్కటే పడ్డప్పుడే చదివేటోళ్లు మోసపోతరు; వరుస వెతకకుండా “షార్ప్ వేవ్” అని రాసేస్తరు.

మరి ఆమెకు జరిగిందేంది? బైర్లు కమ్ముడు, చెమటలు, నిలబడి ఉన్నప్పుడు రావటం, అర నిమిషంలో పూర్తి తెలివి. ఇది మెదడుకు రక్తం కొద్దిసేపు తగ్గి సొమ్మసిల్లటం. సొమ్మసిల్లినప్పుడు కూడా చేతులు నాలుగైదుసార్లు కొట్టుకోవచ్చు, అది మూర్ఛ కాదు. ఈమెకు కావాల్సింది ఈసీజీ, పడుకోబెట్టీ నిలబెట్టీ బీపీ, హిమోగ్లోబిన్. ఇవి వదిలిపెట్టి కార్బమజెపిన్ మొదలుపెడితే ఒంటి మీద దద్దుర్లు, సోడియం పడిపోవటం, గర్భనిరోధక గోలీలు పనిచెయ్యకపోవటం వంటివి నెత్తిమీద పడతయి. అంతకంటే నష్టం, గుండె లయలో లోపం ఉంటే అది దొరకకుండా పోతది.

ఇప్పుడు రెండో రిపోర్టు. భూపాలపల్లి నుంచి 22 ఏండ్ల పిల్లగాడు. నెలకు రెండు మూడుసార్లు కడుపులోనుంచి ఏదో పైకి తన్నుకొచ్చినట్టు అయితది. తర్వాత ఒకే దిక్కు చూస్తడు, పెదవులు చప్పరిస్తడు, కుడి చెయ్యి బిగుసుకుంటది, ఎడమ చేతితోటి అంగీ గుండీలు సవరిస్తడు. ఒకటిన్నర నిమిషం. పిలిస్తే పలకడు. తర్వాత అయోమయం, ఏం జరిగిందో యాదికుండదు. చిన్నప్పుడు జ్వరంలో చాలాసేపు ఫిట్స్ వచ్చినయని వాళ్లమ్మ చెప్పింది.

రాత్రి నిద్ర తగ్గించి తీసిన రికార్డు, మెలకువ, మగత, నిద్ర మూడూ ఉన్నయి. వెనుక లయ 9, నార్మల్. ఎడమ టెంపోరల్ భాగంలో అప్పుడప్పుడు సెకనుకు 3 చొప్పున మందగింపు. నిద్ర స్పిండిళ్లు కనబడే రెండో దశ నిద్రలో, F7–T3 దగ్గర ఫేజ్ రివర్సల్‌తోటి షార్ప్ వేవ్స్, వెనుకనే నిదానమైన అల, రికార్డు మొత్తంలో ఆరుసార్లు.

ఒకదాన్ని దగ్గర నుంచి చూద్దం. కాగితం మీద వెడల్పు 2.4 మిల్లీమీటర్లు. సెకనుకు 30 మిల్లీమీటర్ల స్పీడు కాబట్టి 80 మిల్లీసెకన్లు, షార్ప్ వేవ్ కిందికి వస్తది. ఎత్తు 15 మిల్లీమీటర్లు; మిల్లీమీటరుకు 7 చొప్పున 105 మైక్రోవోల్టులు. సర్రున లేచింది, మెల్లగా దిగింది. వెంటనే సెకనులో మూడో వంతు పట్టే వెడల్పాటి అల. ఆ కాసేపు అక్కడి గీతలు తెగినయి. విడిగా ఒక్కటొక్కటే వస్తున్నయి, వికెట్ల వరుస ఎక్కడా లేదు. ఆరు గుర్తుల్లో ఐదు ఇక్కడనే దొరికినయి. మిగిలింది వ్యాప్తి, దానికి ఫేజ్ రివర్సల్ అర్థం కావాలె.

గొలుసు పద్ధతిలో ఎడమ కణత మీద నాలుగు చానెళ్లు ఉంటయి: Fp1–F7, F7–T3, T3–T5, T5–O1. ప్రతి చానెల్ రెండు ఎలక్ట్రోడ్ల మధ్య తేడాను గీస్తది. మొదటిది ఎక్కువ నెగెటివ్ అయితే గీత పైకి, రెండోది ఎక్కువ నెగెటివ్ అయితే కిందికి. F7 కింద నెగెటివ్ స్పైకు పుట్టిందనుకోండి. Fp1–F7 లో F7 రెండోది, గీత కిందికి కొడతది. F7–T3 లో అదే F7 మొదటిది, గీత పైకి కొడతది. రెండు మొనలూ ఎదురెదురుగా నిలబడతయి. ఒకవేళ F7, T3 రెండూ సమానంగా నెగెటివ్ అయితే నడుమ చానెల్ చదునుగా ఉండి, దాని పైదీ కిందిదీ ఎదురెదురు పడతయి.

ఇక్కడ చాలామంది తప్పు చేస్తరు. ఫేజ్ రివర్సల్ అంటే జబ్బు అనుకుంటరు. కాదు. అది ఎక్కడ పుట్టిందో మాత్రమే చెప్తది, ఏం పుట్టిందో చెప్పదు. నార్మల్ నిద్రలో వచ్చే వెర్టెక్స్ అలలు కూడా Cz దగ్గర ఫేజ్ రివర్సల్ చూపిస్తయి. అంతెందుకు, F7 ఎలక్ట్రోడ్ కింద పేస్టు ఎండిపోయి అది చిటపటలాడినా ఆ రెండు చానెళ్లలో చక్కటి ఫేజ్ రివర్సల్ వస్తది. తేడా ఎట్ల పట్టాలె? ఎలక్ట్రోడ్ లోపమైతే రెండు చానెళ్లలో అద్దంలో చూసినట్టు సమానంగా, నిట్టనిలువుగా లేస్తది, పక్కనున్న T3–T5 లో దాని ఛాయ కూడా ఉండదు. మెదడు నుంచి వచ్చిందైతే పక్క ఎలక్ట్రోడ్లకు కొంచెం కొంచెంగా పాకుతది. అనుమానం వస్తే టెక్నీషియన్ అప్పుడే ఇంపిడెన్సు చూడాలె. 5 కిలోఓమ్‌ల లోపల ఉండాలె. దాటితే పేస్టు తీసి మళ్లీ పెట్టి, అది మళ్లీ వస్తదా అని చూసి, ఆ సంగతి రికార్డు మీదనే రాయాలె. మన పిల్లగాని రికార్డులో T3–T5 లో కూడా చిన్న మొన ఉంది, ఇంపిడెన్సు 3. ఆరో గుర్తు కూడా దొరికింది.

కాబట్టి ఇతని షార్ప్ వేవ్ మూర్ఛ తరహాదే. చెప్పిన లక్షణాలు, ఎడమ చెయ్యి సవరించుకోవటం, కుడి చెయ్యి బిగుసుకోవటం, ఎడమ టెంపోరల్ మందగింపు, ఈ అలలు అన్నీ ఒకే చోటును చూపిస్తున్నయి. చిన్నప్పుడు జ్వరంలో చాలాసేపు వచ్చిన ఫిట్స్‌ను బట్టి హిప్పోక్యాంపస్ గట్టిపడ్డదేమో అన్న అనుమానం రావాలె. దానికి మామూలు సీటీ సరిపోదు, మూర్ఛ కోసం ప్రత్యేకంగా తీసే ఎంఆర్ఐ రాయాలె. తగిన మోతాదులో రెండు మందులు వాడినా ఆగకపోతే సర్జరీ కోసం పెద్ద సెంటరుకు పంపటంలో ఆలస్యం చెయ్యొద్దు.

పిల్లల గురించి ఒక మాట. బడికి పోయే వయసు పిల్లల్లో C3, C4 నుంచి T3, T4 మధ్య, నిద్రలో ఎక్కువయ్యే స్పైకులు కనబడతయి. ఇవి నిజమైన స్పైకులే. కానీ ఎన్నడూ ఫిట్స్ రాని పిల్లల్లో కూడా దొరుకుతయి. తలనొప్పి కోసం తీసిన ఈఈజీలో ఇవి వచ్చినయని మందు మొదలుపెట్టొద్దు. అదే, క్లాసులో పది పదిహేను సెకన్లు ఆగిపోయే పిల్లకు గట్టిగ ఊపిరి తీయించినప్పుడు సెకనుకు 3 చొప్పున రెండు పక్కలా స్పైకు–అల జతలు వచ్చి, అప్పుడే చూపు నిలిచిపోతే ఇగ అనుమానం అక్కరలేదు.

ప్రశ్నలకు పోదం.

ఒక డాక్టరు గారు అడుగుతున్నరు: “లక్షణాలు మూర్ఛవే, ఈఈజీ మాత్రం నార్మల్. ఏం చెయ్యాలె?” నార్మల్ ఈఈజీ మూర్ఛ లేదని చెప్పదు. అరగంటలో మనకు దొరికేది మెదడు చేసే పనిలో చిన్న ముక్క. పైగా తల లోపల లోతుగా పుట్టే స్పైకు పైకి రానే రాకపోవచ్చు. మూర్ఛ వ్యాధి ఉన్నోళ్లలో మొదటి మామూలు ఈఈజీలో స్పైకు దొరికేది సుమారు సగం మందిలోనే. నిద్ర తగ్గించి, నిద్రతో సహా మళ్లీ తీస్తే దొరికే అవకాశం పెరుగుతది. ఫిట్స్ వచ్చిన 24 గంటల లోపల తీస్తే ఇంకా మంచిది. లక్షణాలు స్పష్టంగా ఉంటే మందు కోసం ఈఈజీ పచ్చజెండా ఊపాలని ఆగకండి. మొదటిసారి ఫిట్స్ వచ్చిన మనిషికి మాత్రం మూర్ఛ తరహా స్పైకు ఉంటే మళ్లీ వచ్చే ప్రమాదం పెరుగుతది కాబట్టి అక్కడ రిపోర్టు నిర్ణయాన్ని మారుస్తది.

టెక్నీషియన్ అమ్మ అడుగుతున్నది: “ఎండాకాలం అలలన్నీ పైకీ కిందికీ ఊగుతుంటయి, డెల్టా అని రాస్తరు.” అది చెమట. సెకనుకు ఒకటి కూడా పూర్తిగా లేని ఊగిసలాట, చాలా చానెళ్లలో ఉంటది. గది చల్లబరచండి, నుదురు తుడవండి, పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. ఫిల్టరు పెంచి దాచొద్దు, దాంతోటి నిజమైన డెల్టా కూడా పోతది.

పేషెంటును పంపేటప్పుడు చెప్పాల్సినవి: ముందు రోజు తలకు షాంపూ పెట్టి స్నానం, తర్వాత కొబ్బరినూనె వద్దు; నూనె ఉంటే పేస్టు పట్టదు, ఇంపిడెన్సు దిగదు. అన్నం తిని రావాలె. ఖాళీ కడుపుతో గట్టిగ ఊపిరి తీస్తే మామూలు మనిషికి కూడా నిదానమైన అలలు ఎక్కువసేపు నిలుస్తయి. ఈ మధ్యన పక్షవాతం వచ్చినోళ్లకు, గుండె జబ్బు ఎక్కువ ఉన్నోళ్లకు ఊపిరి తీయించొద్దని ఫారం మీద రాయాలె. వాడే ఫిట్స్ మందులు ఎప్పటిలెక్కనే వేసుకోవాలె, పరీక్ష కోసం ఆపితే ఇంటికాడనే పెద్ద ఫిట్స్ రావచ్చు. ఎవరైనా ఫోన్లో వీడియో తీసి ఉంటే తెమ్మనాలె.

ఇగ ఫారం మీద “ఫిట్స్?” అని ఒక్క మాట రాసి పంపకండి. భూపాలపల్లి పిల్లగాని కోసమైతే ఇట్ల రాయండి: “22 ఏండ్లు, కుడిచేతి వాటం. కడుపులోనుంచి పైకి తన్నుకొచ్చినట్టు అయి, చూపు నిలిచి, పెదవులు చప్పరించి, కుడి చెయ్యి బిగుసుకునే ఘటనలు, ఒకటిన్నర నిమిషం, నెలకు రెండు మూడు. ఆఖరుది నిన్న సాయంత్రం. మందులు లేవు. ఎడమ టెంపోరల్ అనుమానం. నిద్రతో సహా తీయగలరు.” ఇది చదివిన టెక్నీషియన్ ఆ పిల్లగాన్ని నిద్రపోనిచ్చే దాకా ఆగుతడు, T3 పక్కన ఎక్స్‌ట్రా ఎలక్ట్రోడ్లు కూడా పెడతడు.